ప్రాస కుదిరిన పాట

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, పాటల బృందంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి నా పక్కకొచ్చి కూర్చుంది. "అమ్మమ్మగారూ, ఒక పాట రాశానండి. అర్థం బాగానే ఉందంటున్నారు గానీ చివర్లు కలవట్లేదండి. ప్రాస లేకుండా వదిలేస్తే తప్పాండి?" అని అడిగింది. చూసి చెప్తాలే అమ్మా అన్నాను. చెప్పలేదు. ఆ ప్రశ్న నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో ఆ పిల్లకు తెలియదు.

అప్పట్లో నేను తెనాలిలో హాస్టల్లో ఉండి హైస్కూలు చదువుకునేదాన్ని. వేసవి సెలవులిస్తే రేపల్లె బండెక్కేదాన్ని. బొగ్గు ఇంజను. కిటికీ పక్కన కూర్చుంటే దిగేసరికి కళ్ళనిండా నలుసులు, తలనిండా మసి. ప్రతి స్టేషన్లోనూ ఆ బండి ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఆగేది. రేపల్లెలో దిగి, పెనుమూడి రేవు వైపు వెళ్ళే బండ్లలో ఏదో ఒకటి పట్టుకుని మా పెద్దమ్మ ఊరు చేరేదాన్ని. మా పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. పిల్లలు లేరు, పెదనాన్న నా చిన్నప్పుడే ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయాడు. ఆ ఊరి చిన్న మందిరంలో పాటలు ఎత్తేది ఆమే.

ఎత్తడం అంటే ఇప్పటి పిల్లలకు అర్థం కాదేమో. మా సంఘంలో చదువొచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. పాటల పుస్తకం అయ్యగారి దగ్గరొకటి, పెద్దమ్మ దగ్గరొకటి. మా దగ్గర పాస్టరుగారిని అయ్యగారు అనే పిలిచేవాళ్ళం. పెద్దమ్మ చరణంలో ఒక ముక్క పాడుతుంది, అందరూ అదే ముక్క తిరిగి పాడతారు. ఆమె తరువాతి ముక్క అందిస్తుంది. అలా చెవుల మీదుగానే సంఘమంతా పాటలు నేర్చుకుంది. ఎవరింట ఎవరు పోయినా, తెల్లచీర కట్టుకుని శవం పక్కన నిలబడి, కంచులాంటి గొంతుతో మరణమా నీవంటే భయం లేదు అని పాడించేది ఆమే.

మందిరం గోడలకు సున్నం వాసన, పెట్రోమాక్స్ లైటు నుంచి కిరసనాయిలు వాసన, కింద కొత్త తాటాకు చాపల వాసన. కోతల పండుగ ఆరాధనకు జనం తెచ్చిన సొరకాయలూ గుమ్మడికాయలూ కోడిపుంజులూ బలిపీఠం ముందర పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేసేవారు. ఓసారి నేనూ మా పిన్ని కొడుకూ వేలానికి ముందే దోసకాయ ఒకటి చాప కింద దాచి కొరుక్కు తిన్నాం. పెద్దమ్మ పాట ఆపకుండానే మా వైపు నడిచొచ్చి, చరణానికీ చరణానికీ మధ్య నా చెవి మెలిపెట్టి, తాళం తప్పకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

ఒక వేసవికి ఆ గొంతు లేదు.

సంక్రాంతి దాటినప్పటి నుంచే బొంగురు. జలుబనుకున్నారు. బాపట్ల ఆసుపత్రిలో చూపిస్తే, లోపల పుండు బాగా ముదిరిందని, చేయగలిగింది తక్కువని చెప్పారు. ఊళ్ళో వాళ్ళు క్యాన్సర్ని రాచపుండు అని గొంతు తగ్గించి అనేవారు. నేను వెళ్ళేసరికి వరండాలో నులకమంచం మీద పడుకుని ఉంది. మాట గుసగుసలాగా వచ్చేది. ఎక్కువ మాట్లాడితే నొప్పి. రాగిజావ తప్ప ఏదీ దిగదు. అక్కకు సాయంగా వచ్చి ఉన్న మా అమ్మ లోపల ఎండురొయ్యలు వేసి గోంగూర పులుసు పెడుతుంటే నన్ను పిలిచి, "ఆ దాక ఇట్టా తీసుకురావే. తిననులే. వాసన చూసి ఇచ్చేస్తా" అంది. వేడి దాక గుడ్డతో పట్టుకుని ఆమె ముఖం దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని పీల్చుకుని, "ఉప్పు తగ్గింది. మీ అమ్మకు చెప్పు" అంది. అమ్మ రుచి చూసింది. నిజంగానే తగ్గింది. అందరం నవ్వాం. అమ్మ నవ్వుతూనే పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఒక సాయంత్రం పెద్దమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని పలక తీసుకురమ్మంది.

"నా భూస్థాపనకు పాట కావాలే."

"అదేంటి పెద్దమ్మా, అట్టా మాట్లాడతావ్?"

"ఊరందరికీ నేను పాడాను. నాకు పాడేదెవరు? నువ్వే ఎత్తాలి. నువ్వే రాయాలి. బళ్ళో పద్యాలు నేర్పుతున్నారుగా?"

"పుస్తకంలో బోలెడు పాటలున్నాయిగా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆ పాటలన్నిట్లో భయం లేదనే ఉంటుందే. నేనూ అట్టానే పాడించా. నాకు భయంగా ఉంది. ప్రభువు మీద నమ్మకం లేక కాదు. నమ్మకం ఉంది, భయమూ ఉంది. ఆయన దగ్గరకు పోయేటప్పుడన్నా అబద్ధం పాడించుకోకూడదుగా."

అదే ఆమె అడిగింది. ఇంకేమీ అడగలేదు.

వరస ఆమే ఇచ్చింది. మంచం పట్టె మీద వేళ్ళతో తకిట తకిట అని మూడేసి దెబ్బలుగా కొట్టింది. అలాంటి మూళ్ళు నాలుగైతే అర పాదం, ఎనిమిదైతే పాదం. ఆమె గుసగుసగా చెప్పిన మాటలను నేను ఆ దెబ్బల్లోకి సర్దాను. ఎక్కువైన అక్షరం తీసేసి, తక్కువైన చోట సాగదీసి, రెండు రోజులకు చరణం తయారైంది.

రేవుదాక వచ్చినారు – ఇంతవరకు మీది తోడు
పడవలోకి ఒక్కదాన్నె – నాకు భయము, నీకు తెలుసు
దారి నాకు కానరాదు – చేయి చాపు యేసునాథ
నీళ్ళు చల్లగున్నవేమొ – నన్ను ఎత్తి పట్టుకొనుము

రేవంటే మాకు పెనుమూడి రేవే. కృష్ణ దాటి దివిసీమ వైపు పోవాలంటే పడవే దిక్కు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు గట్టు మీద ఆగిపోతారు. పడవ దాకా మోకాలి లోతు నీళ్ళలో మనమే నడవాలి.

తాళం కుదిరింది గానీ నాకు తృప్తి లేదు. మా తెలుగు మాస్టారు నేర్పిన ప్రాస ఎక్కడుంది ఇందులో? పాదంలో రెండో అక్షరం ప్రతి పాదంలోనూ కలవాలి. ఇక్కడ ఒకచోట 'వు', ఒకచోట 'డ', ఒకచోట 'రి'. చివర్లూ కలవలేదు. ప్రాస లేనిది పాటే కాదని వాదించాను. పెద్దమ్మ నవ్వి, "కీర్తనలు రాసిన రాజు ప్రాస వేశాడా? మన బైబిల్లో ఎక్కడన్నా చివర్లు కలిశాయా? ఒక మాట చెప్పి, అదే మాట ఇంకోరకంగా చెప్తాడు. అక్కడ తలపులే కలుస్తాయి" అంది. తరువాత తనే, "కానీ ఆయన పాటలు మనవాళ్ళకు కంఠతా రావు. అదీ నిజమే. వెయ్యి, నీ ప్రాస వెయ్యి. రెండూ పాడించి చూద్దాం. ఏది నిలబడితే అది" అంది.

ప్రాస వేయడం మొదలుపెట్టాక తెలిసింది, అది నా మాట వినదని. రేవుకు నావ కలిసింది, త్రోవ కలిసింది, దేవుడు కలిశాడు. రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ 'వ'కారమే. సంతోషంతో గెంతాను. చివరన 'రండి' పెట్టాను. మన భాషలో క్రియ చివరకొస్తుంది కాబట్టి 'అండి' తగిలిస్తే ఏ పాదమైనా కలుస్తుంది.

రేవుదాక వచ్చినారు – ఇంక తిరిగి పోయిరండి
నావలోన నాథుడుండె – నాకు భయము లేదులెండి
త్రోవ చీకటైన గాని – దీపమొకటి వెలిగెనండి
దేవుడిచ్చు చేయి చాలు – దరికి నన్ను చేర్చునండి

పెద్దమ్మ కళ్ళు మూసుకుని విని, రెండో పాదం మళ్ళీ పాడమంది. పాడాను. "లేదులెండి అని నేనెప్పుడన్నానే?" అని అడిగింది.

"చివర కలవాలిగా పెద్దమ్మా."

"అయితే ఆ మాట నాది కాదు, ప్రాసది."

నాకు కోపమొచ్చింది. పలక తుడిచి, 'నాకు భయము వేసెనండి' అని మార్చాను. దెబ్బలకు సరిపోయింది, చివరా కలిసింది, నిజమూ నిలబడింది. గర్వంగా పాడి వినిపించాను. అప్పుడే చేలగట్టు మీద నుంచి మా చిన్నత్త వచ్చి గడపలో నిలబడి ఉంది. ఆమె మా నాన్నకు చెల్లెలు, ఆ ఊరికే కోడలు, నాట్ల ముఠాకు పెద్ద. విని ఫక్కున నవ్వింది.

"ఏంటే ఆ పాట? కుక్క ఎంటబడితే మునసబుగారితో చెప్పుకున్నట్టుంది, భయం వేసెనండీ అని!"

పెద్దమ్మ కూడా నవ్వబోయి గొంతు పట్టుకుంది. ఆ నవ్వు దగ్గయింది, ఆ దగ్గు ఆగలేదు. చిన్నత్త వీపు రాస్తూ నా వైపు చూసి కళ్ళతోనే చాలించమంది. దగ్గు తగ్గాక పెద్దమ్మ నా చేతిలో పలక తీసుకుని 'అండి' మీద వేలు పెట్టింది. "చూశావా? నేను ప్రభువుతో చెప్పుకుంటున్నా. నీ ప్రాస నన్ను ఊరివైపు తిప్పేసింది. నాథా అనాల్సినదాన్ని అండీ అంటున్నా."

ఇంకా రెండు మూడు రకాలుగా చూశాను. అన్నీ 'ము'తో ముగించాను, ఎత్తుకొనుము, చూపుము, నడుపుము అని. అన్నీ ఒకేలా ఉంటే అసలు కలిసినట్టే వినపడలేదు. మళ్ళీ 'లేదులెండి'కే వచ్చాను. నేను వేసిన ప్రాసల్లో చెవికి ఇంపైనది అదే.

పరీక్ష బుధవారం స్త్రీల కూడికలో పెట్టాం. మంచాన్ని నలుగురు మోసుకుని మందిరంలోకి తెచ్చారు. పెద్దమ్మ పద్ధతి చెప్పింది. ఒక బుధవారం ప్రాస ఉన్నది నేర్పాలి, తరువాతి బుధవారం లేనిది. వరస ఒకటే, ఆడవాళ్ళు ఒకటే. ఆ తరువాత ఒక వారం ఏదీ పాడకూడదు. అప్పుడు ఎవరూ ఎత్తకుండా వాళ్ళంతట వాళ్ళే పాడాలి. ఏది ఎంత మిగిలిందో చూడాలి.

ప్రాస ఉన్నది నేర్పడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను అర పాదం అనగానే మిగతా సగం ఏమై ఉంటుందో వాళ్ళకే తట్టేది. 'త్రోవ చీకటైన గాని' అంటే ఒకామె ముందే 'అండి' అనేసింది, ఏ మాట తగిలించాలో తెలియకుండానే. రేవు, నావ, త్రోవ, దేవుడు అని నాలుగు మేకులు కొట్టినట్టు పాదాలు వరసగా నిలబడ్డాయి. చప్పట్లు పడ్డాయి. మరుసటి ఉదయం నీళ్ళ బావి దగ్గరకు వెళితే అక్కడా అదే పాట. పేడకళ్ళు ఎత్తుతూ అదే పాట.

ప్రాస లేనిది నేర్పిన రోజు చాలా కష్టమైంది. మూడో పాదం ముందా నాలుగోది ముందా అని తడబడ్డారు. ఎన్నిసార్లు చెప్పినా 'మీది తోడు' దగ్గర ఎవరో ఒకరు 'పోయిరండి' అనేవారు, పక్కవాళ్ళు మోచేత్తో పొడిచేవారు. అయితే 'పడవలోకి ఒక్కదాన్నె – నాకు భయము, నీకు తెలుసు' అన్నచోట చిన్నత్త ఆగిపోయింది. పాడలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. అంతకుముందు ఏడాదే ఆమె కాన్పు కష్టమై బిడ్డను పోగొట్టుకుంది. ఒక్కొక్కరే ఆగిపోయారు. చప్పట్లు లేవు.

వారం గడిచాక వాళ్ళంతట వాళ్ళను పాడమంటే, ప్రాస ఉన్నది పొల్లుపోకుండా వచ్చింది. లేనిదానిలో రెండో పాదం ఒక్కటే అందరికీ మిగిలింది.

ఆ సాయంత్రం అయ్యగారు కూడా ఉన్నారు. మంచివారు. మా పెద్దమ్మ కోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తున్నవారు. "అమ్మా, భూస్థాపనకు ఊరంతా వస్తారు. రైతులొస్తారు, తురకపాలెం నుంచి సాయిబులొస్తారు. విశ్వాసి భయపడుతూ వెళ్ళిందని మనమే పాడితే మన నమ్మకానికి సాక్ష్యం ఏం కావాలండి? ప్రాస ఉన్నదే బాగుంది. జనం నోటికీ వచ్చింది" అన్నారు.

పెద్దమ్మ ఆయనను దగ్గరకు రమ్మంది. "అయ్యగారూ, సిలువకు ముందు తోటలో ప్రభువుకు చెమట పట్టిందా లేదా?"

"పట్టిందమ్మా."

"ఆ బాధల గిన్నె తప్పించమని తండ్రిని అడిగాడా లేదా?"

అయ్యగారు తల దించుకున్నారు.

"ఆయన దాచుకోలేదు. నేను దాచుకోవాలాండి? ప్రాస లేనిదే పాడండి. నా పిల్ల ఎత్తుద్ది. తడబడితే తడబడండి, నేనేమన్నా లేచి కొడతానా?"

అందరూ నవ్వారు, ఏడ్చారు. తేలిపోయింది. అప్పటి నుంచి ప్రాస ఉన్నది ఎవరూ పాడకూడదన్నాం. ఎవరూ పాడలేదు కూడా. కానీ పాడకపోవడం వేరు, మరిచిపోవడం వేరు. ఆ తేడా మాకెవరికీ తట్టలేదు. నేర్పినదాన్ని తిరిగి తీసేసుకునే దారి ఏ పాటల పెద్దకూ తెలియదు.

బడి తెరిచారు. నేను తెనాలి వెళ్ళిపోయాను. హాస్టలు మెట్ల మీద కూర్చుని ప్రాస లేని ఆ నాలుగు పాదాలూ పాడుకునేదాన్ని. కాలవలకు నీళ్ళు వదిలారు, వానలు పడ్డాయి, నాట్లు మొదలయ్యాయి. ఒక పొద్దున మా నాన్న హాస్టలు గేటు దగ్గర తడిసిన గొడుగుతో నిలబడి ఉన్నాడు.  ఆయన వెంట బండెక్కాను. బండి అన్ని స్టేషన్లలోనూ ఆగింది.

సమాధుల దొడ్డి చేలకు ఆనుకుని ఉండేది. మా డెల్టా నేల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీళ్ళూరతాయి. గోతిలో నీళ్ళు నిలిచాయి. ఇద్దరు దిగి బొక్కెనలతో తోడుతున్నారు, తోడిన కొద్దీ మట్టిగోడల్లోంచి మళ్ళీ ఊరుతున్నాయి. పెద్దమ్మ పెట్టెను గట్టు మీద ఉంచారు. నాట్ల నుంచి అలాగే వచ్చేసిన ఆడవాళ్ళు, మోకాళ్ళ దాకా బురదతో, నెత్తిన తాటాకు గొడుగులతో చుట్టూ నిలబడ్డారు. అయ్యగారు వాక్యం చదివి నా వైపు చూశారు.

నేను ఎత్తాను. "రేవుదాక వచ్చినారు..."

రెండు పాటలకూ మొదటి సగం ఒకటే. ఒకే చరణాన్ని రెండు రకాలుగా రాశాం కాబట్టి అది అలాగే ఉండిపోయింది. పరీక్షకు అదే మంచిదనుకున్నాం. నేను 'ఇంతవరకు' అనే లోపలే నలభై గొంతులు ఒక్కసారిగా అందుకున్నాయి, "ఇంక తిరిగి పోయిరండి!"

నా గొంతు అందులో మునిగిపోయింది. నేను గట్టిగా 'పడవలోకి' అన్నాను. వాళ్ళు నావలోన నాథుడుండె అన్నారు. ఎవరి తప్పూ లేదు. వాళ్ళ కళ్ళు పెట్టె మీద ఉన్నాయి, నోళ్ళు తమకు తెలిసిన దారిలో పోతున్నాయి. చిన్నత్తకైనా గుర్తొస్తుందేమోనని ఆమె వైపు చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని, చెంపలు తడిసిపోతూ, అందరికంటే పైకి పాడుతోంది, "నాకు భయము లేదులెండి". ఆమె కొంగు పట్టి లాగాను. ధైర్యం కోసం పట్టుకున్నాననుకుంది. నన్ను దగ్గరకు హత్తుకుని ఇంకా గట్టిగా పాడింది.

పాట అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి ఎత్తాను. మళ్ళీ అదే జరిగింది. మూడోసారి ఎత్తలేదు. తాళ్ళతో పెట్టెను దించారు. గోతిలో నీళ్ళు పెట్టె అంచుల చుట్టూ చేరి, మెల్లగా పైకి వచ్చాయి. అది చూసినప్పుడు నాలుగో పాదం నా నాలుక మీదే ఉంది. నీళ్ళు చల్లగున్నవేమొ. బయటకు రాలేదు. మట్టి పడింది.

తిరిగి వస్తుంటే చిన్నత్త నా భుజం మీద చెయ్యి వేసి, "ఎంత బాగా కుదిరిందే! మీ పెద్దమ్మే పాడించినట్టుంది. ఆమె ధైర్యమంతా అందులో ఉంది" అంది. అయ్యగారికి మాత్రం తెలిసింది. కాలవ దగ్గర చెప్పులు కడుక్కుంటూ, నా ముఖం చూడకుండా, "ప్రభువు విన్నాడమ్మా, మీ పెద్దమ్మ ఏది పాడమందో ఆయన విన్నాడు" అన్నారు.

ఆ పాట అక్కడితో ఆగలేదు. పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లలు తమ వెంట తీసుకుపోయారు. పిట్టలవానిపాలెంలో విన్నాను, కొలకలూరులో విన్నాను. బాపట్లలో ఒక భూస్థాపనలో, ఎవరు రాశారో తెలియదు గానీ మహా విశ్వాసి అయ్యుంటుందని పక్కామె నాతో అంది. అవునండి అన్నాను. అందులో అబద్ధం లేదు.

ప్రాస లేనిది తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనే. నాకూ వయసు మీద పడింది. ఒంట్లో బాగోలేని రోజున, ఎవరూ లేనప్పుడు, అది పాడుకుందామని మొదలుపెడతాను. రేవుదాక వచ్చినారు అంటాను. ఎంత జాగ్రత్తగా ఉన్నా, నా నోరు కూడా పోయిరండి వైపే తిరుగుతుంది. రెండు మూడు సార్లు చూసి మానేస్తాను. ఆ తరువాత వరస లేకుండా, తాళం లేకుండా, పక్కమీద పడుకున్న మనిషి పక్కనున్నవాళ్ళతో మాట్లాడినట్టు, రెండో పాదంలో సగం మాత్రం చెప్తాను. నాకు భయము, నీకు తెలుసు. ఆమెన్ అనేసి దీపం తగ్గిస్తాను.